పసుపు-ఎరుపు పోస్టర్ దూరం నుంచి కూడా చదవాలంటే రంగులు ఎలా ఎంచుకోవాలి

బెంగళూరులో మన తెలుగువాళ్ళున్న ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఉగాది పోస్టర్ పని ఎవరి మీద పడినా, మొదట చేసేది ఒకటే. బ్యాక్‌గ్రౌండ్‌కి నిండు ఎరుపు, అక్షరాలకి పసుపు. పసుపూ కుంకుమా శుభం కదా, పైగా కన్నడ బావుటా రంగులు కూడా అవే కాబట్టి పక్క ఫ్లాట్ కన్నడంవాళ్ళకీ బావుంటుంది. లాప్‌టాప్‌లో చూస్తే ధగధగా మెరిసిపోతుంది కూడా. తీరా లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు మీద అంటించాక, నాలుగడుగుల దూరంలో నిలబడ్డ పెద్దాయన "బాబూ, ఆరున్నరకా, ఎనిమిదిన్నరకా?" అని అడుగుతారు. తప్పు ఆయన కళ్ళద్దాలది కాదు, ఆ రెండు రంగుల జతది. ఈ జతని వదులుకోకుండానే చదవగలిగేలా ఎలా చేయాలో చెప్తాను. దీని వెనక ఉన్న లెక్క అర్థమైతే మిగతా రంగులకీ అదే పనికొస్తుంది.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. అక్షరం కనిపించేది రంగు వేరు కావడం వల్ల కాదు, వెలుగు వేరు కావడం వల్ల. ఎరుపూ ఆకుపచ్చా మనకి పూర్తిగా వేరు రంగులు, కానీ వాటి వెలుగు దాదాపు ఒకటే అయితే ఒకదాని మీద ఒకటి రాసిన అక్షరం అంచులు కలిసిపోతాయి. అక్షరాల సన్నని గీతల్ని, ఒత్తుల్ని, గుడుల్ని మన కన్ను పట్టుకునేది ప్రధానంగా లేత-ముదురు తేడాతోనే. రంగు తేడాని పెద్ద పెద్ద ముక్కల్లో బాగా గుర్తుపడుతుంది గానీ సన్నని గీతల్లో అంతగా పట్టుకోలేదు.

ఈ లేత-ముదురు తేడానే కాంట్రాస్ట్ అంటారు, దానికి ఒక కొలత ఉంది. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని వెబ్ ప్రమాణాలు తయారుచేసే W3C సంస్థ 2008లో ఇచ్చిన WCAG 2.0 మార్గదర్శకాల్లో ఉన్నదే, స్లైడ్లకీ పోస్టర్లకీ కూడా బాగానే పనికొస్తుంది:

```
(L1 + 0.05) / (L2 + 0.05)
```

L1 అంటే రెండింట్లో లేత రంగు వెలుగు, L2 ముదురు రంగు వెలుగు. తెలుపుకి 1, నలుపుకి 0. తెలుపు మీద నలుపు వేస్తే 21 వస్తుంది, అంతకంటే ఎక్కువ ఉండదు. రెండూ ఒకే రంగైతే 1. మామూలు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి, ఇంకా గట్టిగా కావాలంటే 7. పెద్ద అక్షరాలకి 3 చాలని ఒక సడలింపు ఉంది గానీ మీరు దాని జోలికి పోకండి. పోస్టర్‌ని దూరం నుంచి చూస్తారు కాబట్టి కాగితం మీద పెద్దగా ఉన్నదే కంటికి చిన్నదైపోతుంది. పైగా తెలుగు అక్షరంలో కింద ఒత్తు, పైన తలకట్టు, మధ్యలో చిన్న సున్నాలాంటి ఖాళీలు ఉంటాయి, ఆ సైజులో ఇంగ్లీషు అక్షరం బతికినా "ష్ట" బతకదు. నా మాట వింటే తెలుగుకి 7 పెట్టుకోండి, 4.5 కంటే కిందికి మాత్రం దేనికీ దిగొద్దు.

ఈ లెక్క చేత్తో చేయక్కర్లేదు. WebAIM Contrast Checker అని వెతికితే పేజీ వస్తుంది, రెండు రంగుల కోడ్లు ఇస్తే అంకె చూపిస్తుంది. కోడ్ అంటే #FF0000 లాంటిది. పవర్‌పాయింట్‌లో అయితే రంగులు ఎంచుకునే చోట More Colors నొక్కి Custom లోకి వెళ్తే Hex అని కనిపిస్తుంది. ఎవరో పంపిన పోస్టర్ బొమ్మలోంచి రంగు తీసుకోవాలంటే Eyedropper వాడండి.

ఇక మన పోస్టర్ సంగతికి వద్దాం. నిండు ఎరుపు #FF0000, దాని మీద పసుపుకొమ్ము రంగు #FFC800. చెకర్‌లో పెడితే 2.57. అంటే కనీసంలో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఇక్కడ అందరూ చేసే పని, అక్షరాల రంగుని ఇంకా వెలిగించడం. సరే, నిమ్మపండు పసుపు #FFFF00 పెట్టి చూడండి. 3.72. పోనీ పసుపు మానేసి తెల్లటి తెలుపే పెట్టండి. 4 వస్తుంది, 4.5 రాదు. తెలుపు కంటే లేత రంగు ఇక లేదు కదా, అంటే నిండు ఎరుపు మీద లేత అక్షరాలు ఏవి పెట్టినా గట్టెక్కవన్నమాట. చాలామంది ఇక్కడే గంటలు గంటలు పోగొట్టుకుంటారు, అక్షరాలకి నల్ల అంచు పెట్టి, నీడ పెట్టి, మెరుపు పెట్టి. అక్షరాల్ని వదిలేసి బ్యాక్‌గ్రౌండ్‌ని ముట్టుకోవాలి.

ఎరుపుని ముదురు చేయండి. రంగు అదే ఉంచి, ఆ FF ని మాత్రం తగ్గించుకుంటూ పోండి. #8B0000 దగ్గర పసుపుకొమ్ము రంగు అక్షరాలకి 6.4 వస్తుంది. #7A0000 దగ్గర 7.4. ఇంకా కిందికి #600000 వరకు వెళ్తే 9 వస్తుంది గానీ అప్పటికి అది కుంకుమ రంగులా కాక బాగా ముదిరిన గోధుమ రంగులా అనిపించడం మొదలుపెడుతుంది, ప్రింట్‌లో ఇంకా నల్లబడుతుంది. నేనైతే #7A0000 దగ్గర ఆగుతాను. పట్టుచీర మెరూన్‌లా ఉంటుంది, పండగ కళ పోదు, ఆరున్నర ఆరున్నరలాగే కనిపిస్తుంది. నిండు ఎరుపు మీద అంత ప్రేమ ఉంటే పక్కన అంచుకో, కలశం బొమ్మకో వాడుకోండి. చదవాల్సింది ఏమీ లేని చోట ఏ రంగున్నా పర్లేదు.

జతని తిరగేసినా, అంటే పసుపు మీద మెరూన్ అక్షరాలు పెట్టినా, అంకె మారదు. ఎరుపు ముదురైతేనే అదీ నిలుస్తుంది. పసుపు బ్యాక్‌గ్రౌండ్ మీద నిండు ఎరుపు అక్షరాలు పెడితే మళ్ళీ అదే 2.57.

మామిడాకుల ఆకుపచ్చతో జాగ్రత్త. తోరణం కట్టినట్టు బావుంటుందని ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ మీద ఆకుపచ్చతో తేదీ రాస్తారు. #FF0000 మీద #008000 కాంట్రాస్ట్ 1.28. ఉన్నట్టు లెక్కే కాదు. మన మెరూన్ మీద పెట్టినా 2.24 దాటదు. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియని మగవాళ్ళు ప్రతి పెద్ద కాంప్లెక్స్‌లోనూ కొందరుంటారు, వాళ్ళకి ఆ తేదీ అసలుకే కనిపించకపోవచ్చు. ఆకుపచ్చని ఆకులకే ఉంచండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, నోటీసు బోర్డు మీద చూసేవాళ్ళకంటే వాట్సాప్ గ్రూపులో చూసేవాళ్ళే ఎక్కువ. ఫోటోగా పంపినప్పుడు అది జేపెగ్‌గా కుదించుకుపోతుంది, ఆ కుదింపు సాధారణంగా వెలుగు వివరాల్ని జాగ్రత్తగా ఉంచి, రంగు వివరాల్ని మాత్రం పక్కపక్క చుక్కలకి కలిపేసి దాస్తుంది. కన్ను రంగు తేడాని సన్నగా చూడలేదన్న ధైర్యంతోనే అలా తయారుచేశారు. అందుకని వెలుగు తేడా తక్కువగా ఉండి రంగు తేడా మీదే బతుకుతున్న అక్షరాలు, అంటే నిండు ఎరుపు మీద పసుపులాంటివి, నలుగురి చేతులు మారేసరికి అంచులు చెదిరి మసకమసగ్గా అయిపోతాయి. "క్లారిటీ లేదు, మళ్ళీ పంపండి" అని మెసేజ్ వస్తే చాలాసార్లు అసలు కారణం ఇదే. మెరూన్ మీద పసుపు ఆ కుదింపుని చాలావరకు తట్టుకుంటుంది.

రంగు సరే, వెనక బొమ్మ ఉంటే? విధాన సౌధ ఫోటోనో, వేపపూతనో వెనక పెట్టి పైన అక్షరాలు రాస్తే మీ కాంట్రాస్ట్ ఒక అంకె కాదు, ప్రతి అక్షరం కిందా వేరే అంకె. కొలవాల్సింది ఎక్కడంటే, అక్షరాలు తెల్లగా ఉంటే వాటి వెనక ఉన్న అన్నిటికంటే లేత చోట, ఆకాశమో మబ్బో ఉన్న చోట. అక్షరాలు నల్లగా ఉంటే అన్నిటికంటే ముదురు చోట. సగటు చూసి సరిపెట్టుకుంటే "సోమవారం"లో "సోమ" కనిపించి "వారం" మబ్బులో కలిసిపోతుంది. గ్రేడియంట్‌కీ ఇదే సూత్రం, రెండు కొసల్లోనూ కొలవండి.

దీనికి మందు, అక్షరాల వెనక ఒక నల్లటి పట్టీ. దాన్ని సగం పారదర్శకంగా పెట్టడం అలవాటు కదా, అక్కడ ఒక చిన్న లెక్క ఉంది. కింద తెల్లటి మబ్బు ఉందనుకోండి, పట్టీకి Transparency 50% పెడితే అది మధ్యస్థ బూడిద రంగవుతుంది, దాని మీద తెల్ల అక్షరాలకి 4 కూడా రాదు, 3.95. అదే 40% పెడితే 5.7 వస్తుంది. కాబట్టి నల్ల పట్టీ, తెల్ల అక్షరాలు అనుకున్నప్పుడు 40% దాటి పారదర్శకం చేయకండి, ఆ హద్దులో ఉంటే కింద ఏ ఫోటో ఉన్నా 4.5 కి తగ్గదు. పసుపు అక్షరాలైతే ఇంకా తగ్గించండి. అక్షరాల చుట్టూ అంచు గీయడం కంటే ఇదే నయం. తెలుగులో అంచు మందంగా పెడితే "మ"లో, "య"లో ఉండే చిన్న ఖాళీలు పూడుకుపోయి, ఒత్తు పై అక్షరానికి అతుక్కుపోతుంది.

ఫాంట్ గురించి ఒక్క మాట. చెకర్ ఇచ్చే అంకె మీరిచ్చిన రంగులది, తెర మీద పడ్డ అక్షరానిది కాదు. గీత మరీ సన్నగా ఉంటే స్క్రీన్ ఆ గీతని బ్యాక్‌గ్రౌండ్‌తో కలిపి నునుపు చేసి చూపిస్తుంది, అంటే మీ పసుపు అసలు పసుపుగా ఎక్కడా పడదు. 7 అని లెక్కలో ఉన్నా కంటికి అంత అందదు. అందుకని చిన్న వివరాలకి కూడా లావు గీతలున్న ఫాంట్ ఎంచుకోండి. రామభద్ర లాంటిది తేదీకి, చోటుకి బావుంటుంది, అలంకారంగా వంపులు తిరిగే ఫాంట్లని ఒక్క "ఉగాది శుభాకాంక్షలు"కే పరిమితం చేయండి.

ఇప్పటిదాకా చెప్పింది పోస్టర్‌కి. స్లైడ్ల దగ్గరికొచ్చేసరికి అదే మెరూన్-పసుపు జత మోసం చేస్తుంది, ఎందుకో చెప్తాను.

ప్రొజెక్టర్‌కి నలుపు వేయడం రాదు. నలుపు అంటే ఆ చోట వెలుగు వేయకపోవడం, అంతే. అప్పుడు తెర మీద కనిపించేది గదిలో ఉన్న వెలుగే. మన క్లబ్‌హౌస్‌లకి మూడు వైపులా అద్దాల కిటికీలు, పగలు పదకొండింటికి పంచాంగ శ్రవణం. తెర మీద "నలుపు" నిజానికి బూడిద రంగు. పైన చూపించిన సూత్రంలో 0.05 అని ఉంది చూశారా, అది చుట్టుపక్కల నుంచి స్క్రీన్ మీద పడే వెలుగుకి ఇచ్చిన చిన్న వాటా. వెలుతురున్న హాల్లో ఆ వాటా చాలా పెరుగుతుంది. ప్రొజెక్టర్ తెలుపుకి ఎంత వెలుగు ఇస్తుందో అందులో పావు వంతు గది వెలుగు కూడా తెర మీద పడుతోందని అనుకుందాం. అప్పుడు 0.05 బదులు 0.25 వేసి చూడాలి. తెలుపు మీద నలుపు 21 నుంచి ఏకంగా 5 కి పడిపోతుంది. మెరూన్ మీద పసుపు 7.4 నుంచి 3 కి. క్రీమ్ రంగు #FFF8E1 మీద మెరూన్ అక్షరాలు పెడితే 10.8 కాస్తా 4.1. క్రీమ్ మీద నలుపు అయితే 4.8.

ఈ అంకెలు చెప్పేది ఒకటే. గది వెలుతురు ముదురు రంగుల్ని తినేస్తుంది, కాబట్టి రెండింట్లో లేత రంగు ఎంత తెలుపుకి దగ్గరగా, ముదురు రంగు ఎంత నలుపుకి దగ్గరగా ఉంటే అంత మిగులుతుంది. మధ్యస్థంగా ఉన్నవేవీ మిగలవు. అందుకే పగటిపూట స్లైడ్లకి తెలుపు లేదా క్రీమ్ బ్యాక్‌గ్రౌండ్, నలుపు అక్షరాలు, శీర్షికలకి మాత్రమే మెరూన్. చీకటి హాల్లో అయితే ముదురు బ్యాక్‌గ్రౌండ్ హాయిగా ఉంటుంది, అక్కడ మెరూన్-పసుపు వాడుకోవచ్చు. పెద్ద టీవీ మీద చూపిస్తే ప్రొజెక్టర్ అంత ఇబ్బంది ఉండదు గానీ ఎదురుగా కిటికీ ఉంటే ముదురు స్లైడ్ అద్దంలా మారి చూసేవాళ్ళ మొహాలే చూపిస్తుంది.

పంచాంగం స్లైడ్‌లో పన్నెండు రాశుల పట్టిక ఉంటుంది కదా, ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని. జనం అంతా ఎదురుచూసేది దాని కోసమే, చెడిపోయేదీ అదే. పవర్‌పాయింట్ పట్టికలో రెండు వరసలకి రెండు రంగులు మార్చి మార్చి వస్తాయి, అక్షరాలకి మాత్రం ఒకే రంగు. మీరు ఒక వరసని చూసి సరే అనుకుంటే పక్క వరస తేలిపోతుంది, కాబట్టి రెండింట్లో ముదురుగా ఉన్న వరస మీద నల్ల అక్షరాల్ని కొలవండి. ఇక పైన శీర్షికల వరసకి చాలామంది నారింజ రంగు వేసి తెల్ల అక్షరాలు పెడతారు. #FFA500 మీద తెలుపుకి వచ్చేది 1.97, హాల్లో అది కూడా ఉండదు. అదే నారింజ మీద నల్ల అక్షరాలు పెడితే 10.6. నారింజ కంటికి గాఢమైన రంగులా కనిపించినా వెలుగులో అది లేత రంగే, అందుకే తెలుపు దాని మీద నిలవదు. ఆదాయం కింద 8 పడిందో 3 పడిందో తెలియక వెనక వరసలో పెద్దవాళ్ళు ఒకరినొకరు అడుక్కునే పరిస్థితి తీసుకురాకండి.

వ్యయాన్ని ఎర్రగా, ఆదాయాన్ని ఆకుపచ్చగా పెడదామనిపిస్తుంది. పెట్టండి, కానీ రంగు ఒక్కదాని మీదే అర్థం ఆధారపడకుండా నిలువు వరసకి పేరు ఉండాలి, రెండు రంగులూ బాగా ముదురువే అయ్యుండాలి. ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద మాత్రం ఎర్ర అంకెలు వద్దు. నలుపు మీద నిండు ఎరుపుకి చెకర్ 5.25 ఇచ్చి పాస్ చేస్తుంది, కానీ ఎరుపు సరిగా కనిపించనివాళ్ళలో కొందరికి ఆ రంగు చాలా ముదురుగా అనిపిస్తుంది, నలుపులో కలిసిపోతుంది. చెకర్ లెక్కలో ఈ సంగతి ఉండదు.

కొలవడం అయ్యాక కంటితో చూసే పరీక్ష ఒకటి. స్లైడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ గ్యాలరీలో బ్లాక్ అండ్ వైట్ చేసి, వేలెడంత సైజుకి చిన్నది చేసి చూడండి. రంగు పోయాక కూడా తేదీ, టైము, చోటు చదవగలిగితే మంచిది. పవర్‌పాయింట్‌లోనే View కింద Grayscale ఉంది కదా అని దాన్ని వాడకండి. అది ప్రింట్ కోసం పెట్టింది, తనకి తోచినట్టు కొన్నిటిని నల్లగా, కొన్నిటిని తెల్లగా మార్చేస్తుంది, దాంతో బాగాలేని జత కూడా బాగున్నట్టు కనిపిస్తుంది.

పోస్టర్ ప్రింట్‌కి ఇచ్చేముందు, మొత్తం సైజు వేయించకుండా, చిన్న అక్షరాలున్న ముక్కని అసలు సైజులోనే ఎ4 కాగితం మీద వేయించి తీసుకోండి. "అన్నా, ఇది టెస్ట్‌కి ఒకటి వేసివ్వు" అంటే షాపులో వేసిస్తారు. దాన్ని ఎక్కడ అంటిస్తారో ఆ గోడ మీద, సాయంత్రం, అక్కడ ఉండే లైట్ కిందే చూడాలి. బేస్‌మెంట్ పార్కింగ్ దగ్గర వెలుగు తక్కువ, అక్కడ మెరూన్ మరీ నల్లగా అనిపిస్తే కంగారు పడకండి, బ్యాక్‌గ్రౌండ్ నల్లబడితే పసుపు ఇంకా తేలుతుంది. భయపడాల్సింది సన్న గీతల గురించి. ముదురు రంగు మీద లేత అక్షరాలు వేసినప్పుడు చుట్టూ ఉన్న ఇంకు లోపలికి పాకి ఒత్తుల్ని మింగేస్తుంది. అలా జరిగితే రంగు మార్చొద్దు, అక్షరం లావు ఒక మెట్టు పెంచండి.

హాల్లో అయితే కార్యక్రమం ముందురోజు అదే టైముకి వెళ్ళి ప్రొజెక్టర్ పెట్టి, స్లైడ్‌షో నడుస్తుండగా కీబోర్డు మీద B నొక్కండి. తెర నల్లగా మారాలి. ఎంత బూడిదగా ఉందో చూడండి, ఆ బూడిదే మీ హాల్ ఇచ్చే నలుపు, మీ ముదురు రంగులేవీ దానికంటే ముదురుగా కనిపించవు. తర్వాత తెర మీద పడే లైట్ల వరస ఒక్కటి ఆపించి, కిటికీ తెరలు వేయించి, మళ్ళీ చూడండి. హాలంతా చీకటి చేయక్కర్లేదు, తెర పైనున్న ట్యూబ్‌లైట్లు రెండు ఆపితేనే చాలా తేడా వస్తుంది. ఆ తర్వాత పంచాంగం పట్టిక పెట్టి వెనక వరసలో కూర్చుని, మీకు కాకుండా ఆ అంకెలు తెలియని ఇంకెవరికైనా చూపించి చదివించండి. మీరే రాసినవి మీకు కనిపించకపోయినా గుర్తుండి చదివేస్తారు. వాళ్ళు తడబడితే Slide Master లోకి వెళ్ళి బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా, అక్షరాలు నల్లగా మార్చండి, థీమ్ రంగులు వాడి ఉంటే అన్ని స్లైడ్లూ ఒకేసారి మారతాయి. చేత్తో ఒక్కోటీ రంగు వేసి ఉంటే మాత్రం ఒక్కో పెట్టెనీ మార్చుకోవాలి, అందుకే మొదట్లోనే Customize Colors లో ఆ నాలుగు రంగులూ, నలుపు, క్రీమ్, మెరూన్, పసుపు, పెట్టేసుకుని పని మొదలుపెట్టండి.